గల్ఫ్ తెలుగువారి దసరా ప్రయాణానికి ముప్పై సెకన్ల వాయిస్ ఓవర్: ఏది చెప్పాలి, ఎంత చెప్పాలి

ప్రశ్న: దుబాయ్‌లో పనిచేసే మన జగిత్యాల, నిజామాబాద్ వాళ్లు దసరాకు ఊరికి రావడానికి టికెట్లు బుక్ చేసుకునే యాప్ కోసం ముప్పై సెకన్ల యాడ్ చేస్తున్నాం. ఇంగ్లీషు స్క్రిప్టు ఇచ్చి తెలుగు చేయమన్నారు. చేశాను, కానీ ఎంత వేగంగా చదివినా ముప్పై సెకన్లలో పట్టడం లేదు. విన్నవాళ్లు కూడా "బాగానే ఉంది" అని ఊరుకుంటున్నారు. ఎక్కడ తప్పుతోంది?

సమాధానం:

మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే. ఇంగ్లీషు స్క్రిప్టును పక్కన పెట్టుకుని తెలుగు రాసినప్పుడు, అందులో ఉన్న ప్రతి మాటకూ తెలుగులో చోటు చూపించాలని ప్రయత్నిస్తాం. దానివల్ల నిడివి పెరుగుతుంది, చెప్పవలసిన ఒక్క విషయం నాలుగింటిలో ఒకటిగా కలిసిపోతుంది. నేను చాలాకాలంగా రేడియోకూ వీడియోలకూ ప్రకటనల మాటలు రాస్తున్నాను. గల్ఫ్ ప్రయాణికుల కోసం చేసిన పనిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఈ శ్రోతకు ఊరు గుర్తుచేయవలసిన అవసరం లేదు. అతడు ప్రతి రాత్రీ ఇంటికి ఫోన్ చేస్తూనే ఉంటాడు. అతని దగ్గర లేనిది నిశ్చయం. లీవు ఏ తేదీకి వస్తుందో తెలియదు, వచ్చాక మారదన్న నమ్మకం లేదు, మారితే కొన్న టికెట్ ఏమవుతుందో తెలియదు. మీ స్క్రిప్టు ఆ భయానికి జవాబు చెప్పాలి. గుమ్మంలో ఎదురుచూసే తల్లి, కన్నీళ్లు, దీపాల వరుస, ఇవన్నీ ప్రతి కంపెనీ ప్రతి పండుగకూ చూపిస్తున్నవే కాబట్టి వాటిని చూసి అతడు కదిలినా మీ యాప్ పేరు గుర్తుపెట్టుకోడు.

ముందుగా నిడివి సంగతి చూద్దాం. తెలుగు వాయిస్ ఓవర్‌ను మాటల లెక్కన కొలవకూడదు, ఎందుకంటే మన మాటలు ప్రత్యయాలు చేరి పొడవవుతాయి. "జరుపుకోవడానికి" అన్నది ఒక్క మాటే అయినా నోటికి ఎనిమిది అక్షరాలు. అందువల్ల పలికే అక్షరాలనే లెక్కపెట్టండి. వినేవాడికి హాయిగా అందే వేగం సెకనుకు ఐదు నుంచి ఆరు అక్షరాలు. ముప్పై సెకన్లలో మొదటి శబ్దానికీ, మధ్య విరామాలకూ, చివర యాప్ పేరు మీద సంగీతానికీ కలిపి ఏడు సెకన్లు పోతాయి. మిగిలిన ఇరవై మూడు సెకన్లలో పట్టేది సుమారు 125 అక్షరాలు. 130 దాటితే కళాకారుడు విరామాలను మింగడం మొదలుపెడతాడు, ఆ వేగంలో భావం నిలవదు.

ఇంగ్లీషు నుంచి దిగిన తెలుగు సాధారణంగా ఇలా ఉంటుంది: "పండుగలు మన కుటుంబాలను దగ్గర చేస్తాయి. మీరు ప్రపంచంలో ఎక్కడ ఉన్నా, మీ ప్రియమైన వారితో వేడుకలను జరుపుకోవడానికి అద్భుతమైన ఆఫర్లతో ఇప్పుడే మీ విమాన టికెట్లను బుక్ చేసుకోండి." ఇందులో డెబ్బై నాలుగు అక్షరాలున్నాయి, అంటే పదమూడు సెకన్లు గడిచిపోయాయి. ఏ పండుగో, ఏ ఊరో, ఈ యాప్ ఏం చేస్తుందో ఇంతవరకు ఒక్క ముక్క రాలేదు. దీన్ని కుదించి లాభం లేదు, ఎంత కుదించినా అందులో చెప్పిన విషయం లేదు.

ఇందులో మరో లోపం కూడా ఉంది, అది ఎడిటింగ్ గదిలో బయటపడుతుంది. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, వాయిస్ కళాకారుడి ఒత్తు కూడా సహజంగా వాక్యం చివరికే చేరుతుంది. పొడవైన వాక్యం రాస్తే ఆ ఒత్తు "బుక్ చేసుకోండి" మీద పడుతుంది, వినేవాడికి కావలసిన తేదీ మాత్రం మధ్యలో ఎక్కడో నలిగిపోతుంది. పైగా ఇంగ్లీషు వరుసను బట్టి ముందే కోసిపెట్టిన దృశ్యాలలో విమానం దిగిపోయి ఉంటుంది, గొంతు ఇంకా "వేడుకలను" దగ్గరే ఉంటుంది. దీనికి నేను చేసేది చిన్న వాక్యాలుగా విడగొట్టడం, ప్రతి వాక్యంలోనూ ఒకే సమాచారం ఉంచడం. అప్పుడు దృశ్యాన్ని ఏ వాక్యం దగ్గర మార్చాలో ఎడిటర్‌కు మనం చెప్పనవసరం లేకుండానే తెలుస్తుంది.

ఇక మీ సందర్భానికే ఒక స్క్రిప్టు రాసి చూపిస్తాను. శ్రోత దుబాయ్‌లో పనిచేసే జగిత్యాల మనిషి. పండుగ దసరా అంటున్నాం గానీ, అతని ఇంట్లో ఆడవాళ్లు ఎదురుచూసే రోజు సద్దుల బతుకమ్మ. మాట్లాడేది ప్రకటనకర్త గొంతు కాదు, అతడే తల్లితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. తల్లి గొంతు మనకు వినిపించదు, ఆమె అడిగిన ప్రశ్నను అతడు మళ్లీ అనడం వల్లనే మనకు తెలుస్తుంది.

(ఒక సెకను: గదిలో ఏసీ చప్పుడు.)
యువకుడు: అమ్మా, లీవు దొరికింది. (విరామం) సద్దుల బతుకమ్మకు ఒక రోజు ముందే వస్త. పొద్దుగాల శంషాబాద్‌ల దిగుత. మధ్యాహ్నం కల్ల ఇంట్ల ఉంట. (విరామం) తేదీ మారితెనా? మార్చుకోవచ్చు. ఎంత కట్టాల్నో ముందే చూపిస్తది.
వ్యాఖ్యాత: దసరాకు ఊరికి టికెట్. లీవు తేదీ మారితే ఎంత కట్టాలో, బుక్ చేసే ముందే తెలుస్తుంది. (యాప్ పేరు.) మార్పు రుసుము, చార్జీలో తేడా విమాన సంస్థ నిబంధనల మేరకు.

యువకుడి మాటలు అరవై ఆరు అక్షరాలు. యాప్ పేరుకు నాలుగు అనుకుంటే వ్యాఖ్యాతవి యాభై ఏడు. మొత్తం 123, కాబట్టి ఎక్కడా పరుగెత్తనవసరం లేదు.

మొదటి వాక్యం "లీవు దొరికింది" కావడానికి కారణం చెబుతాను. యూట్యూబ్‌లో దాటవేయడానికి వీలున్న ప్రకటనకు ఐదు సెకన్ల తరువాత ఆ బటన్ వస్తుంది. ఆ ఐదు సెకన్లను సంగీతానికీ సూర్యోదయానికీ ఇచ్చేస్తే మన మాట మొదలయ్యేసరికి శ్రోత వెళ్లిపోయి ఉంటాడు. గల్ఫ్‌లో పనిచేసేవాడికి పండుగ ప్రయాణం టికెట్‌తో మొదలు కాదు, లీవుతో మొదలవుతుంది. సౌదీలో అయితే లీవుతో పాటు వెళ్లి తిరిగి రావడానికి అనుమతి వీసా కూడా ఉండాలి. ఈ వరుస తెలిసినవాడు రాసిన ప్రకటన అని అతడికి మొదటి ఊపిరిలోనే అర్థం కావాలి.

"మధ్యాహ్నం కల్ల ఇంట్ల ఉంట" అన్న వాక్యం నాకు ఈ స్క్రిప్టులో అన్నిటికన్నా ముఖ్యమైనది. చాలా ప్రకటనలు విమానం నేలను తాకడంతో ప్రయాణం ముగిసిందనుకుంటాయి. జగిత్యాలవాడికి శంషాబాద్ తరువాత ఇంకా రెండు వందల కిలోమీటర్లకు పైగా దారి ఉంది. విమానాశ్రయం నుంచి నగరం దాటి జూబ్లీ బస్ స్టేషన్‌కు చేరి, కరీంనగర్ మీదుగా వెళ్లే బస్సు ఎక్కాలి, లేదా ఊరినుంచి కారు తెప్పించుకోవాలి. తెల్లవారుజామున దిగితే మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు, అదే సాయంత్రం దిగితే పండుగనాటి రాత్రి దారిలోనే గడుస్తుంది. అందుకే అతడు టికెట్ ధరతో పాటు దిగే వేళను కూడా చూసుకుంటాడు. మీ యాప్‌లో దిగే సమయాన్ని బట్టి విమానాలను వేరుచేసి చూసే వీలుంటే, ఆ తెర కనిపించవలసింది సరిగ్గా ఈ వాక్యం దగ్గరే.

తేదీని అంకెలలో చెప్పకుండా "సద్దుల బతుకమ్మకు ఒక రోజు ముందే" అని రాయడం కూడా ఆలోచించి చేసినదే. దసరా చాంద్రమానం ప్రకారం వస్తుంది. 2025లో అక్టోబరు 2న వచ్చిన పండుగ, 2026లో అధిక జ్యేష్ఠం రావడం వల్ల అక్టోబరు 20కి జరుగుతుంది. గొంతులో తేదీ పలికిస్తే మరుసటి ఏడాది ఆ రికార్డింగ్ పనికిరాదు. అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగ, సాధారణంగా చివరిరోజైన దుర్గాష్టమి నాడు సద్దులు చేస్తారు, కానీ కొన్ని ఊళ్లలో ఏడో రోజునే సద్దులు చేసే ఆనవాయితీ ఉంది. మనం ఒక తేదీ చెబితే ఆ ఊళ్లవారికి ప్రకటన తప్పు చెప్పినట్టు వినిపిస్తుంది. పండుగ పేరు చెబితే ఎవరి ఊరి లెక్క వారే వేసుకుంటారు.

ధర కూడా గొంతులో రాకూడదని నా గట్టి అభిప్రాయం. విమానంలో ఒకే వరుసలోని సీట్లను కూడా సంస్థలు వేర్వేరు చార్జీల తరగతులుగా అమ్ముతాయి. తక్కువ తరగతిలోని కొద్ది సీట్లు అమ్ముడుపోగానే తరువాతి తరగతి తెరుచుకుంటుంది. పండుగ వారంలో ఆ మొదటి సీట్లు చాలా ముందుగానే అయిపోతాయి. అందుచేత ప్రకటనలో వినిపించిన ధర, యాప్ తెరిచినవారిలో ఎక్కువమందికి కనిపించదు. ఇది నమ్మకం పోయే విషయం మాత్రమే కాదు. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, చెప్పిన ధరకు అమ్మగలిగే సహేతుకమైన అవకాశం లేకుండా ఆ ధరతో ఆకర్షించడం ఎర ప్రకటన కిందికి వస్తుంది. ధర చెప్పి తీరాలని కంపెనీ పట్టుబడితే తెర మీద వేయించండి. ఏ ప్రయాణ తేదీలకు, ఏ నగరం నుంచి అన్నది దాని పక్కనే ఉండాలి. తెర మీది అంకెను మార్చడం సులువు, గొంతును మళ్లీ రికార్డు చేయడం అంత సులువు కాదు.

"కొద్ది సీట్లే మిగిలాయి, త్వరపడండి" అన్న వాక్యం మీ ఇంగ్లీషు స్క్రిప్టులో తప్పకుండా ఉండే ఉంటుంది. దాన్ని తీసివేయండి. 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్, అంటే కొనేవారిని మభ్యపెట్టే పద్ధతుల, మార్గదర్శకాలలో లేని తొందరను పుట్టించడం నిషిద్ధ పద్ధతులలో మొదట పేర్కొన్నది. నియమం సంగతి అలా ఉంచినా, రాత్రి డ్యూటీ దిగి గదిలో కూర్చుని, లీవు కాగితం మీద ఇంకా సంతకం పడని మనిషిని తొందరపెట్టడం నాకు న్యాయంగా తోచదు. సంతకం పడకముందే భయపడి టికెట్ కొన్నవాడే, తేదీ మారినప్పుడు ఆ డబ్బు పోగొట్టుకునేది.

తేదీ మార్పు గురించి రాసిన రెండు వాక్యాలను అతి జాగ్రత్తగా చూడండి, వివాదాలు పుట్టేది అక్కడే. "తేదీ ఉచితంగా మార్చుకోండి" అని రాయడం చాలా తేలిక, అలాగే రాయమని మీకు ఒత్తిడి కూడా వస్తుంది. టికెట్ తేదీ మార్చినప్పుడు సాధారణంగా రెండు మొత్తాలు ఉంటాయి. ఒకటి మార్పు రుసుము, రెండోది పాత చార్జీకీ కొత్త తేదీన ఉన్న చార్జీకీ మధ్య తేడా. "ఉచితం" అని చెప్పే పథకాలలో ఎక్కువ భాగం మొదటి దాన్నే మాఫీ చేస్తాయి. పండుగ వారంలో బరువైనది రెండోది. ఉచితమని విని టికెట్ కొన్న మనిషి, తేదీని రెండు రోజులు జరపబోయి తేడా సొమ్ము చూసినప్పుడు మోసపోయాననే అనుకుంటాడు, తన గదిలో ఉన్న పదిమందికీ అదే చెబుతాడు. అందుకే నేను "ఎంత కట్టాలో ముందే తెలుస్తుంది" అన్నంత వరకే రాశాను. ఇది చిన్న హామీ, కానీ నిలబడేది. అయితే యాప్ నిజంగా ఆ పని చేస్తుందో లేదో రాయడానికి ముందే నిర్ధారించుకోండి. బుకింగ్ తెరలో డబ్బు కట్టకముందే మార్పు రుసుము కనిపించాలి. చార్జీ తేడా అప్పటి ధరను బట్టి ఉంటుందని కూడా అక్కడే రాసి ఉండాలి. ఆ తెర లేకపోతే ఈ వాక్యం వాడకండి, యాప్ చేసే మరో నిజమైన పనిని తీసుకుని దాని చుట్టూ స్క్రిప్టు రాయండి.

చివరి షరతు వాక్యాన్ని ఇంగ్లీషులో వేగంగా చదివించి ముగించడం ఒక అలవాటుగా మారింది. నేను పైన చెప్పిన 2022 మార్గదర్శకాలు హామీ ఏ భాషలో ఉందో షరతు కూడా ఆ భాషలోనే ఉండాలంటాయి. మన శ్రోతకు అది అవసరం కూడా. అందుకే ఇరవై మూడు అక్షరాలను దానికి ముందుగానే కేటాయించాను. స్క్రిప్టు అంతా నింపేసి చివర షరతును ఇరికిస్తే అది వేగంగా చదవవలసినదే అవుతుంది.

యాస విషయంలో ఒక నిర్ణయం తీసుకుని దానికి కట్టుబడండి. యువకుడి మాటలు కరీంనగర్ వైపు మాట, వ్యాఖ్యాతవి అందరికీ అందే తెలుగు. యువకుడి గొంతుకు ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన మనిషినే వెతకండి. యాసను అనుకరించే కళాకారుడు "దిగుత", "ఉంట" అన్నచోట చివరి అచ్చును సాగదీసి హాస్యపాత్రలా పలుకుతాడు, ఊరివాడికి అది తనను వెక్కిరించినట్టు ఉంటుంది. రికార్డింగ్‌లో మైకు ముందు నిలబెట్టకుండా కూర్చోబెట్టి, చేతికి ఫోన్ ఇచ్చి, ఎదుట ఎవరైనా తల్లి ప్రశ్నలు నిజంగా అడిగేట్టు చేయండి. "తేదీ మారితెనా?" అన్నది అప్పుడే సరిగ్గా పలుకుతుంది. చదివితే అది తనలో తాను అడిగిన ప్రశ్నలా వినిపిస్తుంది, ఎదుటివారు అడిగితేనే ఆమె మాటను అందుకున్నట్టు వస్తుంది. "లీవు దొరికింది" దగ్గర గొంతులో కేక వద్దు. నలుగురు నిద్రపోతున్న గదిలో మాట్లాడుతున్న మనిషి సంతోషాన్ని తగ్గించి చెబుతాడు, అది ఎక్కువగా నమ్మిస్తుంది.

నేపథ్యంలో బతుకమ్మ పాట వేయాలనుకుంటే, జానపద బాణీ అందరిదీ అయినా దాని రికార్డింగ్ మాత్రం ఎవరో ఒకరి హక్కు అని మరవకండి. నలుగురు స్త్రీలతో చప్పట్లతో కొత్తగా పాడించుకోవడం సులువైన దారి. దాన్ని యువకుడి మాటల కింద వేయకుండా వ్యాఖ్యాత దగ్గర మొదలుపెట్టండి. మాట కింద పాట పెడితే రెండిటిలోనూ తెలుగు మాటలే ఉంటాయి కాబట్టి చెవి రెండిటి మధ్యా చీలిపోతుంది. మిక్స్ పూర్తయ్యాక స్టూడియో స్పీకర్లలో కాక మామూలు ఫోన్‌లో, తక్కువ శబ్దంతో ఒకసారి వినండి. ఏసీ చప్పుడు "శంషాబాద్‌ల" లాంటి మాటలను తినేస్తోందేమో అక్కడే తెలుస్తుంది.

ఇదే యాప్ సంక్రాంతికి కువైట్ తెలుగువారి కోసం యాడ్ అడిగితే ఈ స్క్రిప్టులో ఊరి పేర్లు మార్చి ఇవ్వకండి. కువైట్‌కు కడప, అన్నమయ్య జిల్లాల నుంచీ, కోనసీమ నుంచీ వెళ్లినవారు ఎక్కువ. వారిలో ఇళ్లలో పనిచేసే స్త్రీలు చాలామంది, కాబట్టి గొంతు స్త్రీదై ఉండటం సబబు. రాజంపేట మనిషికి చెన్నైలో దిగడం అనువుగా ఉండవచ్చు, అప్పుడు శంషాబాద్ మాట అసలు రాకూడదు. సంక్రాంతి సూర్యుని లెక్కన జనవరి 14 లేదా 15న వస్తుంది గనుక తేదీ బెడద తక్కువ. కానీ భోగి మంట తెల్లవారకముందే వేస్తారు కాబట్టి "ముందురోజు రాత్రికి ఇంట్లో" అన్నదే అక్కడి గడువు. వారాంతపు సెలవు కూడా వేరు. యూఏఈలో 2022 నుంచి శని, ఆదివారాలు, కువైట్‌లో శుక్ర, శనివారాలు. "ఈ ఆదివారం తీరిగ్గా బుక్ చేసుకోండి" అన్న వాక్యం దుబాయ్‌లో సరిపోతుంది, కువైట్‌లో ఆదివారం పనిదినం.

ప్రకటన ఎప్పుడు వెలువడాలో కూడా కంపెనీతో ఇప్పుడే మాట్లాడండి. నా సలహా పండుగకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టడం. అప్పటికి చాలామంది లీవు అడిగి ఎదురుచూస్తూ ఉంటారు, కాబట్టి మొదటి వాక్యానికి రెండో రూపం ఒకటి అదే రోజు రికార్డు చేసుకోండి: "అమ్మా, లీవు అడిగిన." "దొరికింది" అన్న రూపాన్ని చివరి మూడు వారాలకు ఉంచండి. "అడిగిన" అన్న రూపం వాడేటప్పుడు రెండో వాక్యం "ఒక రోజు ముందే రావాల్నని చూస్తున్న" అని మారాలి, తరువాత వచ్చే "దిగుత", "ఉంట" కూడా "దిగితే", "ఉండొచ్చు" అవుతాయి. మొత్తం మీద ఆరు అక్షరాలు పెరుగుతాయి, అందువల్ల ఆ రూపంలో వ్యాఖ్యాత మొదటి వాక్యమైన "దసరాకు ఊరికి టికెట్"ను గొంతులోంచి తీసి తెర మీద వేయండి.